సెక్యూరిటీ బ్యాడ్జీలు పెంచినా పేమెంట్ పేజీలోనే ఆగిపోయారు: ఒక చెకౌట్ మాకప్ రివ్యూ కేస్

ఇది ఇంటి సామాన్లు అమ్మే ఒక మధ్యస్థాయి ఆన్‌లైన్ షాప్ కేస్. పేరు, గుర్తుపట్టే వివరాలు తీసేసా, కొన్ని చిన్న విషయాలు మార్చా, కానీ మాకప్‌లో, అంటే పేజీలు ఎలా ఉంటాయో కట్టకముందే గీసి చూపించే బొమ్మల్లో, ఏముందో, దానిమీద మేం ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో అవి మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నా.

నేపథ్యం

వాళ్ల పాత సైట్‌లో జనం కార్ట్‌లో వేసుకుంటున్నారు, అడ్రస్ దాకా వస్తున్నారు, పేమెంట్ పేజీ తెరుచుకున్నాక వెళ్లిపోతున్నారు. కార్ట్ వదిలేసి వెళ్లడం అనేది అన్ని షాపుల్లోనూ ఉంటుంది, ఆన్‌లైన్ షాపుల మీద పరిశోధన చేసే బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చాలా స్టడీలు కలిపి లెక్కేస్తే సగటు 70 శాతం దగ్గర ఉంటుంది, అందులో ఊరికే ధరలు చూసుకుని పోయేవాళ్లు కూడా కలిసే ఉంటారు. అందుకే ఆ సంఖ్య చూసి నేను కంగారుపడను. ఇక్కడ మాత్రం అడ్రస్ మొత్తం టైప్ చేసిన మనిషి వెళ్లిపోతున్నాడు, అంత కష్టపడి నింపినవాడు ఊరికే చూసి పోవడానికి వచ్చినవాడు కాదు కదా.

కంపెనీ వాళ్లు దీన్ని ఇలా అర్థం చేసుకున్నారు: మన సైట్ మీద నమ్మకం లేదు, కాబట్టి నమ్మకం కలిగించే గుర్తులు పెంచాలి. డిజైనర్ కొత్త మాకప్ గీసింది, అది డెవలపర్ల చేతికి వెళ్లకముందు ఒకసారి చూడమని నాకు ఇచ్చారు. నన్ను అడిగిన ప్రశ్న కూడా అదే, "ట్రస్ట్ సిగ్నల్స్ సరిపోయాయా?" అని.

మాకప్‌లో స్క్రీన్లు ఈ వరసలో ఉన్నాయి. కార్ట్, తర్వాత లాగిన్ లేదా కొత్త అకౌంట్, తర్వాత అడ్రస్, తర్వాత డెలివరీ ఎంచుకోవడం, తర్వాత పేమెంట్, చివర్లో థాంక్యూ పేజీ. పైన ప్రోగ్రెస్ బార్‌లో మాత్రం మూడే చుక్కలు: అడ్రస్, డెలివరీ, పేమెంట్. పేమెంట్ పేజీలో కార్డ్ బాక్సుల కింద వరసగా ఐదు బ్యాడ్జీలు, ఒక ఆకుపచ్చ తాళం బొమ్మ, పక్కన "100% సురక్షితం" అన్న లైను. చూడ్డానికి చాలా శుభ్రంగా ఉంది, నిజంగా అందంగా గీసింది. ప్రతి బాక్సులో సరైన పేరు, సరైన అడ్రస్, తప్పులేని కార్డ్ నంబర్. తప్పు జరిగితే ఏం కనిపిస్తుందో చూపించే స్క్రీన్ ఒక్కటీ లేదు.

మొదటి పాస్: ఎన్ని అడుగుతున్నాం, ఎందుకు

నాకు మాకప్ ఇస్తే ముందు రంగులూ బటన్లూ చూడను. ఒక షీట్ తెరిచి మనిషి నింపాల్సిన ప్రతి బాక్సునీ ఒక్కో లైనులో రాస్తా, పక్కన రెండు ప్రశ్నలు: ఈ సమాచారం ఎవరు వాడతారు, ఇది లేకపోతే ఆర్డర్‌లో ఏది ఆగిపోతుంది. ఫ్రిక్షన్ అంటే కొనేవాడికి దారిలో అడ్డు తగిలేది, ఆ మాటని ఊరికే అలా వాడితే మీటింగ్‌లో ఎవరి అభిప్రాయం వాళ్లది అయిపోతుంది, ఇలా రాసుకుంటే మాత్రం ప్రతి బాక్సుకీ ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

కార్డ్ దాకా రాకముందే 16 బాక్సులు తేలాయి. శ్రీ/శ్రీమతి లాంటి సంబోధన, మొదటి పేరు, మధ్య పేరు, ఇంటి పేరు, ఈమెయిల్, మళ్లీ ఈమెయిల్, పాస్‌వర్డ్, మళ్లీ పాస్‌వర్డ్, ఫోన్, ఇంకో ఫోన్, కంపెనీ పేరు, అడ్రస్ రెండు లైన్లు, ఊరు, రాష్ట్రం, పిన్. సంబోధన ఎవరు వాడుతున్నారు అని అడిగితే ఎవరూ చెయ్యెత్తలేదు, పాత సైట్‌లో ఉంది కాబట్టి కొత్తదాంట్లోకీ వచ్చింది అంతే. ఇంకో ఫోన్ డెలివరీ వాళ్ల కోసం అన్నారు, డెలివరీ టీమ్‌ని అడిగితే ఆ నంబర్ మా స్క్రీన్ మీద అసలు కనబడదు అన్నారు. ఈమెయిల్ రెండుసార్లు అడగడం వల్ల తప్పులు తగ్గుతాయని అనుకుంటారు గానీ ఎక్కువమంది మొదటిదాన్ని కాపీ చేసి రెండోదాంట్లో పేస్ట్ చేస్తారు, తప్పు ఉంటే అది కూడా కాపీ అవుతుంది. పైగా వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ 2.2 అనే నియమావళిలో (2023లో వచ్చింది) ఒకే ప్రక్రియలో ఒకసారి ఇచ్చిన సమాచారాన్ని మళ్లీ టైప్ చేయించొద్దు అనే నియమం ఉంది, దాన్ని తనంతట తానే నింపాలి లేదా ఎంచుకునేలా పెట్టాలి. బిల్లింగ్ అడ్రస్‌కి ఇది సరిగ్గా వర్తిస్తుంది. మాకప్‌లో పేమెంట్ పేజీలో బిల్లింగ్ అడ్రస్ ఖాళీగా మళ్లీ అడుగుతున్నారు, దాన్ని "డెలివరీ అడ్రస్సే" అని ముందే టిక్ పెట్టి మూసేశాం, వేరే ఉన్నవాళ్లు టిక్ తీస్తే తెరుచుకుంటుంది.

అసలు వాదన అకౌంట్ దగ్గర జరిగింది. అకౌంట్ తప్పనిసరి అని బిజినెస్ వాళ్ల పట్టు, ఎందుకంటే మళ్లీ కొనేవాళ్లు ఎవరో తెలియాలి. వాళ్ల అవసరం నిజమే, దాన్ని కొట్టిపారేయలేను. కానీ అడిగే చోటు తప్పు. చెకౌట్ మొదట్లో అకౌంట్ అంటే మనిషికి అది కొత్త పని, పాస్‌వర్డ్ ఆలోచించాలి, మెయిల్‌కి వెళ్లి వెరిఫై చేసుకోవాలా అని అనుమానం, పాత అకౌంట్ ఉందేమో గుర్తులేదు. అదే ఆర్డర్ అయిపోయాక థాంక్యూ పేజీలో అడిగితే పేరు, మెయిల్, అడ్రస్ అన్నీ అప్పటికే మన దగ్గర ఉంటాయి, ఒక్క పాస్‌వర్డ్ పెట్టుకుంటే చాలు, ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు అన్న కారణం కూడా అప్పుడు ఆ మనిషికి కళ్లముందు ఉంటుంది. అందుకని లాగిన్ స్క్రీన్ మొత్తం తీసేసి, ఈమెయిల్ బాక్సు కింద "అకౌంట్ ఉందా? లాగిన్ అవ్వండి" అనే చిన్న లింకు మిగిల్చాం.

16 కాస్తా 7 అయ్యాయి: ఈమెయిల్, ఫోన్, పూర్తి పేరు, అడ్రస్, ఊరు, రాష్ట్రం, పిన్. రెండో అడ్రస్ లైను కావాలంటే లింకు నొక్కితే వస్తుంది. ఫోన్ ఉంచాం, పక్కనే "డెలివరీ రోజు ఫోన్ చేయడానికి మాత్రమే" అని రాశాం. డెలివరీ టీమ్ నిజంగా ఆ నంబర్‌కే ఫోన్ చేస్తారు కాబట్టి రాయగలిగాం, లేకపోతే రాసేవాళ్లం కాదు.

డెవలపర్లకి ఇచ్చే నోట్‌లో ఇంకో ముక్క చేర్చా, ఇది మాకప్‌లో కనిపించదు గానీ మనిషి వేళ్లకి తెలుస్తుంది:

```html
<input type="email" autocomplete="email">
<input type="tel" autocomplete="tel">
<input type="text" autocomplete="name">
<input type="text" inputmode="numeric" autocomplete="shipping postal-code">
```

ఇవి సరిగ్గా పెడితే బ్రౌజర్ దాచుకున్న అడ్రస్‌ని తనే నింపుతుంది, ఫోన్‌లో సరైన కీబోర్డ్ వస్తుంది. పిన్‌కి `type="number"` వాడొద్దని ప్రత్యేకంగా రాశా, అంకెలే కదా అని అందరూ అదే పెట్టేస్తారు, కానీ అది లెక్కలు చేసే సంఖ్యల కోసం, మౌస్ చక్రం తిప్పితే కొన్ని బ్రౌజర్లలో అంకె మారిపోతుంది, `e` అనే అక్షరాన్ని కూడా ఒప్పుకుంటుంది. (పిన్‌లో అక్షరాలు కూడా ఉండే దేశాలకి పంపే షాప్ అయితే `inputmode="numeric"` కూడా తీసేయాలి, వీళ్లకి ఆ అవసరం లేదు.)

ప్రోగ్రెస్ బార్ చెప్పేది, జరిగేది

మూడు చుక్కల బార్ గురించి డిజైనర్‌ని అడిగా, పేమెంట్ పేజీలో మూడో చుక్క నిండిపోయింది కదా, దాని తర్వాత ఏముంది అని. "బటన్ నొక్కితే బ్యాంక్ పేజీ వస్తుంది సార్, అక్కడ ఓటీపీ, తర్వాత థాంక్యూ" అంది. అంటే బార్ ప్రకారం అయిపోయింది, నిజానికి డబ్బుకి సంబంధించిన అసలు ఘట్టం ఇంకా మొదలవ్వలేదు. ఇటు మొదట్లో లాగిన్ స్క్రీన్ కూడా బార్‌లో లేదు. మూడు అని చెప్పి ఐదు చేయిస్తున్నాం.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ నేను దీన్ని బ్యాడ్జీల కంటే పెద్ద విషయంగా తీసుకున్నా. ప్రోగ్రెస్ బార్ అంటే మనం కస్టమర్‌కి ఇచ్చే మాట. ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుంది అనుకుని కార్డ్ తీసిన మనిషికి, అయిపోయింది అని బార్ చెప్పాక, ఇంకో కొత్త రంగు పేజీ, కొత్త అడ్రస్ బార్, కొత్త పేరు ఎదురైతే "నేను ఎక్కడికి వచ్చాను" అనే అనుమానం సరిగ్గా డబ్బు కదిలే చోటే పుడుతుంది. ఆ బ్యాంక్ పేజీని మనం తీసేయలేం. త్రీడీ సెక్యూర్ అనే కార్డ్ తనిఖీ పద్ధతిలో కార్డ్ ఎవరిదో బ్యాంకే తేల్చుకుంటుంది, అప్పుడప్పుడూ ఏమీ అడక్కుండా వదిలేస్తుంది, అప్పుడప్పుడూ ఓటీపీయో యాప్‌లో ఒప్పుకోవడమో అడుగుతుంది, ఎప్పుడు ఏది అన్నది బ్యాంక్ చేతుల్లో ఉంది. కాబట్టి దాన్ని బార్‌లో నాలుగో చుక్కగా పెట్టడం కూడా కుదరదు, అది రాని రోజు బార్ ఇంకోరకంగా తప్పు చెప్పినట్టవుతుంది.

శాతాల్లో నిండే బార్ పెడదామని ఒక ఆలోచన వచ్చింది. వద్దన్నా. 60 శాతం అయ్యింది అంటే మిగిలిన 40లో ఏముందో తెలీదు, వెనక్కి వెళ్లి ఏది మార్చుకోవచ్చో తెలీదు. అన్నీ ఒకే పొడుగు పేజీలో పెడదాం అనేది ఇంకో ఆలోచన, అది చాలా చోట్ల బాగానే పనిచేస్తుంది, కానీ వీళ్లకి డెలివరీ ఎంపికలు అడ్రస్ మీద ఆధారపడి మారతాయి, పెద్ద సామాన్లు కొన్ని చోట్లకి వెళ్లవు, కాబట్టి అడ్రస్ ఇచ్చాక కింద భాగమంతా మారిపోతూ ఉంటే చదివే మనిషి తికమకపడతాడు. అందుకని మూడు దశలూ అలాగే ఉంచి వాటిని నిజం చేశాం. లాగిన్ పోయింది కాబట్టి మొదట్లో దాచిన దశ లేదు. అయిపోయిన దశ చుక్కగా మిగలకుండా ఒక లైను సారాంశంగా మారుతుంది, ఏ అడ్రస్‌కి, ఏ రోజుకి అని, పక్కన "మార్చు" లింకు. మార్చి తిరిగొస్తే తర్వాత దశలో నింపినవి పోకూడదు అని నోట్‌లో గట్టిగా రాశా, ఎందుకంటే మాకప్‌లో ఎప్పుడూ ముందుకే వెళ్తాం, వెనక్కి వెళ్లే దారి ఎవరూ గియ్యరు.

బటన్ల మీద మాటలూ మార్చాం. అన్ని స్క్రీన్లలోనూ "ముందుకు" అనే ఉండేది, పేమెంట్ పేజీలో కూడా. ఆ చివరి "ముందుకు" నొక్కితే డబ్బు పోతుందా, ఇంకోసారి సరిచూసుకునే పేజీ వస్తుందా? మాకప్ చూసినవాళ్లలోనే రెండు అభిప్రాయాలు వచ్చాయి. "డెలివరీ ఎంచుకోండి", "పేమెంట్‌కి వెళ్లండి", ఆఖర్న మొత్తం అంకెతో సహా "ఇంత చెల్లించండి" అని పెట్టాం.

బ్యాడ్జీలతో మొదటి ప్రయత్నం, అది ఎందుకు పనిచెయ్యలేదు

ఫారం, బార్ సరిచేశాక కూడా టీమ్ మనసు ట్రస్ట్ గుర్తుల మీదే ఉంది. నాకు సందేహం ఉన్నా, సందేహంతో ఒకరి పనిని ఆపడం సరికాదు కదా, చూద్దాం అనుకున్నాం. క్లిక్ అయ్యే ప్రోటోటైప్‌లో బ్యాడ్జీలని పెద్దవి చేసి పేమెంట్ బటన్‌కి ఆనుకుని పెట్టారు, "100% సురక్షితం" లైను కూడా పైకి తెచ్చారు. ఇలాంటి వస్తువులు ఆన్‌లైన్‌లో కొనే కొద్దిమందిని కూర్చోబెట్టి, సగంమందికి పాత అమరిక, సగంమందికి ఇది చూపించాం.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ప్రోటోటైప్‌లో పోయేది సొంత డబ్బు కాదు, మనం ఇచ్చిన ఉత్తుత్తి కార్డ్ నంబర్ టైప్ చేస్తారు, కాబట్టి భయం ఉండదు, అందరూ చకచకా నొక్కేసి "బాగుంది, నమ్మకంగా ఉంది" అంటారు. నమ్మకంగా ఉందా అని అడిగితే వచ్చే జవాబు దేనికీ పనికిరాదు. అందుకే నేను పేమెంట్ బటన్ మీదకి వేలు వెళ్లేటప్పుడు ఆపి ఒకే ప్రశ్న అడుగుతా: "ఇప్పుడు ఇది నొక్కితే ఏమవుతుంది? మొదట్నుంచి చివరిదాకా చెప్పండి." ఎంత కట్ అవుతుంది, ఎవరికి వెళ్తుంది, తర్వాత ఏ పేజీ వస్తుంది, వస్తువు ఎప్పుడు వస్తుంది, అవేవీ నేను గుర్తుచెయ్యను, వాళ్లంతట వాళ్లు చెప్పింది రాసుకుంటా. మనిషికి తెలియంది ఎక్కడుందో, అసలు డబ్బుతో కొనేటప్పుడు ఆగేది కూడా దాదాపు అక్కడే.

బ్యాడ్జీలు పెద్దవైనా రెండు గుంపుల జవాబుల్లో తేడా రాలేదు. ఎక్కువమంది ఎంత కట్ అవుతుందో చెప్పడానికి పేజీ పైకి స్క్రోల్ చేశారు, అక్కడ అంకె చూసి ఆగారు. ఒకావిడ "కార్ట్‌లో ఇంత లేదండీ, ఏదో కలిపారు" అని వెనక్కి వెళ్లి కార్ట్ తెరిచి పోల్చుకుంది. నిజమే, కార్ట్‌లో డెలివరీ చార్జీ లేదు, డెలివరీ పేజీలో అది కలిసింది, పేమెంట్ పేజీలో హ్యాండ్లింగ్ అని ఇంకోటి కలిసింది, ఆ రెండోది ఎందుకో ఎక్కడా రాయలేదు. తర్వాత ఏ పేజీ వస్తుంది అంటే "ఆర్డర్ అయిపోతుంది" అన్నారు, బ్యాంక్ పేజీ మాట ఎవరి నోటా పెద్దగా రాలేదు. ఒకాయన బ్యాడ్జీ మీద నొక్కి చూశాడు, ఏమీ తెరుచుకోలేదు, "బొమ్మేనా" అన్నాడు.

ఆ తర్వాత మేం పాత సైట్‌లో అసలు బ్యాంక్ పేజీ దాకా వెళ్లి చూశాం, మాకప్‌లో లేని ఆ పేజీని. అక్కడ వ్యాపారి పేరు స్థానంలో షాప్ పేరు లేదు, దాన్ని నడిపే మాతృసంస్థ రిజిస్టర్ పేరు ఉంది, అది ఏ కస్టమరూ ఎప్పుడూ విని ఉండడు. ఓటీపీ మెసేజ్‌లోనూ అదే పేరు, కార్డ్ స్టేట్‌మెంట్‌లోనూ అదే. జాగ్రత్తగా ఉండే మనిషి అక్కడ ఆపేయడమే సరైన పని. ముందు పేజీలో ఎన్ని తాళం బొమ్మలు పెట్టినా ఈ అనుమానం తీరదు, ఎందుకంటే అనుమానం పుట్టేది మన పేజీ దాటాక.

తాళం బొమ్మ గురించి ఒక మాట. క్రోమ్ వాళ్లే 2023లో 117వ వెర్షన్‌తో అడ్రస్ బార్‌లోంచి తాళం గుర్తు తీసేశారు, ఎందుకంటే మధ్యలో ఎవరూ చదవకుండా డేటాని పంపే హెచ్‌టీటీపీఎస్ ఇప్పుడు దాదాపు అన్ని సైట్లకీ ఉంది, మోసం సైట్లకి కూడా ఉంటుంది, తాళం ఉంటే సైట్ మంచిదని జనం పొరబడుతున్నారు. బ్రౌజర్ వాళ్లే వద్దనుకున్న గుర్తుని మనం పేజీలో బొమ్మగా గీసి పెట్టుకుంటే అది ఏం రుజువు చేస్తుంది? మోసం చేసేవాడు కూడా అదే బొమ్మ పెట్టుకోగలడు.

ఏది పనిచేసింది

ముందు అంకె. కార్ట్‌లోనే అడ్రస్ పిన్‌కోడ్ అడిగి డెలివరీ చార్జీ చూపించాం, ఆ పిన్ అడ్రస్ పేజీలోకి తనే వెళ్తుంది. హ్యాండ్లింగ్ అనేదాన్ని వేరే లైనుగా పెట్టకుండా వస్తువు ధరలో కలిపేయమని అడిగా, బిజినెస్ వాళ్లు ఒప్పుకోవడానికి టైం పట్టింది, ధర పెరిగినట్టు కనిపిస్తుందని వాళ్ల భయం. నేను చెప్పింది ఒక్కటే, కస్టమర్ ఎలాగూ చివర్లో అదే మొత్తం చూస్తాడు, కార్డ్ చేతిలో ఉన్నప్పుడు చూడటం కంటే ముందే చూడటం నయం. కార్ట్ నుంచి పేమెంట్ దాకా ఆర్డర్ సారాంశం ఒకే వరసలో, అవే లైన్లతో, అదే మొత్తంతో ఉంటుంది, ఫోన్‌లో మడిచినా మొత్తం అంకె మాత్రం ఎప్పుడూ కనిపిస్తుంది.

తర్వాత కార్డ్ బాక్సులు. మొదటి మాకప్‌లో నంబర్, పేరు, నెల, సంవత్సరం, సీవీవీ అని ఐదు ఉండేవి, షాప్ తరఫున కార్డ్ డబ్బు తీసుకునే పేమెంట్ సంస్థకి, అంటే గేట్‌వేకి, కార్డ్ మీద పేరు అక్కర్లేదని తేలింది, నెల సంవత్సరం ఒకే బాక్సులో పెట్టాం, అలా మూడు మిగిలాయి. ఆ మూడింటినీ లేత రంగు నేపథ్యంతో, అంచుతో ఒక పెట్టెలో పెట్టాం. మిగతా ఫారం కంటే ఇది వేరు, ఇక్కడ జాగ్రత్త ఎక్కువ అని ఆ అమరికే చెబుతుంది. నిజానికి కూడా అది వేరే, ఈ మూడు బాక్సులూ గేట్‌వే వాళ్ల ఐఫ్రేమ్‌లో, అంటే మన పేజీలో పొదిగిన వాళ్ల పేజీలో, ఉంటాయి, కార్డ్ నంబర్ షాప్ సర్వర్‌కి రాదు. ఆ విషయం ఒక్క లైనులో రాశాం, "మీ కార్డ్ వివరాలు నేరుగా పేమెంట్ సంస్థకి వెళ్తాయి, మా దగ్గర దాచం" అని. "100% సురక్షితం" కంటే ఇది నయం, ఎందుకంటే ఇది నిజం, ఎవరైనా అడిగితే చూపించగలం.

ఐఫ్రేమ్ దగ్గర మాకప్ మోసం చేసే చోటు ఒకటుంది. మాకప్‌లో బాక్సులన్నీ ఒకే ఫాంట్, ఒకే ఎత్తు. అసలు ఐఫ్రేమ్ వచ్చాక పేజీ స్టైల్స్ దాని లోపలికి పోవు, గేట్‌వే ఇచ్చిన సెట్టింగుల ద్వారానే ఫాంటూ రంగూ మార్చాలి, మర్చిపోతే సరిగ్గా కార్డ్ నంబర్ బాక్సు మాత్రం వేరే ఫాంట్‌లో, అతికించినట్టు కనిపిస్తుంది. అందుకని ఇంటిగ్రేషన్ అయ్యాక ఆ ఒక్క స్క్రీన్‌ని మాకప్ పక్కన పెట్టి చూడాలి అని చెక్‌లిస్ట్‌లో చేర్చాం.

బ్యాడ్జీల్లో కార్డ్ నెట్‌వర్క్‌ల లోగోలు ఉంచాం, ఎందుకంటే అవి ఒక సమాచారం ఇస్తాయి, నా కార్డ్ ఇక్కడ పనిచేస్తుందా లేదా అని. నొక్కినా ఏమీ తెరుచుకోని మిగతావన్నీ తీసేశాం. ఆ ఖాళీలో రిటర్న్ ఎన్ని రోజుల్లో, ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నవి పెట్టాం.

బటన్ పైన, బ్యాంక్ పేజీకి ముందు, ఈ వాక్యం చేర్చాం: "తర్వాత మీ బ్యాంక్ పేజీ రావచ్చు. అక్కడ మా సంస్థ రిజిస్టర్ పేరు కనిపిస్తుంది", ఆ పేరు కూడా అక్కడే ఉంటుంది. దీని పక్కనే గేట్‌వేకి స్టేట్‌మెంట్‌లో కనిపించే పేరు మార్చమని అర్జీ పెట్టించా, అది మారేసరికి సమయం పడుతుంది, అప్పటిదాకా ఈ వాక్యం ఉండాలి. మళ్లీ అదే ప్రశ్నతో వేరే మనుషుల్ని కూర్చోబెడితే, బ్యాంక్ పేజీ వస్తుందనీ, ఏ పేరు ఉంటుందనీ చాలామంది వాళ్లే చెప్పారు, ఎంత కట్ అవుతుందో చెప్పడానికి వెనక్కి వెళ్లినవాళ్లు లేరు.

తప్పు జరిగినప్పటి స్క్రీన్లు

వీటికోసం డిజైనర్ చాలా ఓపిగ్గా పనిచేసింది. నేను రెండు స్క్రీన్లని వేరువేరుగా గీయమన్నా. ఒకటి, బ్యాంక్ కుదరదని స్పష్టంగా చెప్పింది. ఇంకోటి, బ్యాంక్ నుంచి జవాబే రాలేదు. ఈ రెండింటికీ ఒకే "ఏదో తప్పు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి" అన్న మెసేజ్ పెట్టడం చాలా చోట్ల చూస్తాం, అది ప్రమాదం. మొదటి దాంట్లో మళ్లీ ప్రయత్నించమనొచ్చు, "మీ బ్యాంక్ ఈ పేమెంట్‌ని ఒప్పుకోలేదు, ఇంకో కార్డ్ వాడండి లేదా బ్యాంక్‌ని అడగండి" అని, అడ్రస్ కార్ట్ అన్నీ అలాగే ఉన్నాయని కూడా చెప్పాలి. రెండో దాంట్లో మళ్లీ ప్రయత్నించమంటే రెండుసార్లు డబ్బు కట్ అయ్యే అవకాశం ఉంది, ఎందుకంటే మొదటిది అక్కడ పూర్తయిందో లేదో మనకి తెలీదు. "మీ పేమెంట్ గురించి బ్యాంక్ నుంచి జవాబు కోసం చూస్తున్నాం, మళ్లీ చెల్లించకండి, తేలగానే మెయిల్ చేస్తాం" అని రాశాం. తెలియని చోట "డబ్బు కట్ అవ్వలేదు" అని ధైర్యం చెప్పడం నేను ఒప్పుకోలేదు, ఒకవేళ అయి ఉంటే ఆ తర్వాత ఆ మనిషి మన ఏ మాటా నమ్మడు.

దీనికి వెనక డెవలపర్ల పని కూడా ఉంది. ప్రతి పేమెంట్ ప్రయత్నానికీ ఒక ఐడెంపొటెన్సీ కీ, అంటే ఆ ప్రయత్నానికే చెందిన ఒక గుర్తు, పంపాలి, అప్పుడు బటన్ రెండుసార్లు నొక్కినా, నెట్ తెగి రిక్వెస్ట్ మళ్లీ వెళ్లినా గేట్‌వే దాన్ని ఒకే పేమెంట్‌గా చూస్తుంది. బటన్ నొక్కగానే మసకబారి "చెల్లింపు జరుగుతోంది" అని మారాలి అనేది మాకప్‌లో ఒక స్థితిగా గీయించాం, అయితే ఆ మసకబారడం ఒక్కటే రెండుసార్లు కట్ అవ్వకుండా కాపాడదు అని డెవలపర్లకి విడిగా చెప్పా.

లైవ్‌లోకి వెళ్లాక

పేమెంట్ పేజీలో ఆగిపోయేవాళ్లు తగ్గారు. అదే సమయంలో కార్ట్ దగ్గర వదిలేసేవాళ్లు కొంచెం పెరిగారు, డెలివరీ చార్జీ అక్కడే కనిపిస్తోంది కదా, ఆ ధరకి వద్దనుకునేవాళ్లు ఇప్పుడు ముందే వెళ్లిపోతున్నారు. ఇది ముందే చెప్పి ఉంచా, లేకపోతే మొదటి వారం రిపోర్ట్ చూసి కార్ట్ పాడయ్యిందని కంగారుపడి చార్జీని మళ్లీ వెనక్కి తోసేవాళ్లు. పూర్తయిన ఆర్డర్లు మొత్తం మీద పెరిగాయి. "డబ్బు కట్ అయింది గానీ ఆర్డర్ కనిపించట్లేదు", "ఈ పేరు ఎవరిది" అని సపోర్ట్‌కి వచ్చే ఫోన్లు బాగా తగ్గాయని ఆ టీమ్ వాళ్లే చెప్పారు. ఇన్ని మార్పులు ఒకేసారి వెళ్లాయి కాబట్టి ఏ మార్పు వల్ల ఎంత అన్నది నేను విడదీసి చెప్పలేను. నా అంచనా ప్రకారం అంకె ముందే చూపించడం, బ్యాంక్ పేజీ పేరు ముందే చెప్పడం, ఈ రెండూ ఎక్కువ పనిచేశాయి, ఎందుకంటే ఆ రెండు ప్రశ్నల దగ్గరే మనుషులు ఆగడం కళ్లారా చూశాం.

ఈ కేస్ తర్వాత నేను మాకప్‌తో పాటు అడిగేవి

మాకప్ రివ్యూకి ఒప్పుకునే ముందు ఇప్పుడు మూడు అడుగుతున్నా. ఒకటి, చాలా పొడుగు పేరు, మూడు లైన్ల అడ్రస్, కార్ట్‌లో బోలెడు వస్తువులు ఉన్న వెర్షన్, ఎందుకంటే అందమైన డేటాతో ఏ స్క్రీన్ అయినా సరిపోతుంది. రెండు, కార్డ్ ఒప్పుకోని స్థితి, జవాబు రాని స్థితి. మూడు, మన చేతిలో లేని పేజీల స్క్రీన్‌షాట్లు, అంటే బ్యాంక్ పేజీ, ఓటీపీ మెసేజ్, కార్డ్ స్టేట్‌మెంట్‌లో లైను. చెకౌట్ అక్కడిదాకా ఉంటుంది, మాకప్ ఫైలు మాత్రం మన బటన్ దగ్గర ఆగిపోతుంది. ఈ కేస్‌లో పెద్ద కారణాల్లో ఒకటి దొరికింది ఆ ఫైలులో లేని పేజీలోనే.

ఒక విషయం ఇంకా తేలలేదు, కూపన్ బాక్సు. పేమెంట్ పేజీలో పెద్దగా తెరిచి ఉంటే కూపన్ లేనివాళ్లు దానికోసం వెతకడానికి బయటికి పోతారు, పూర్తిగా తీసేస్తే కూపన్ ఉన్నవాళ్లు ఎక్కడ వాడాలో తెలియక సపోర్ట్‌కి ఫోన్ చేస్తారు. ప్రస్తుతానికి కార్ట్‌లో "కూపన్ ఉందా?" అన్న లింకుగా మడిచి పెట్టాం, మెయిల్‌లో కూపన్ పంపినవాళ్లకి లింకు నొక్కితే అది తనే పడేలా చేయమని అడిగాం. మార్కెటింగ్ వాళ్లకి అది మరీ చిన్నగా ఉందని అసంతృప్తి, వచ్చే కూపన్ల సీజన్‌లో రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూస్తామని ఒప్పందం.